నూనె కిలోల్లోనా, లీటర్లలోనా: కోనసీమలో కొత్తగా కాపురం పెట్టేవాళ్లకు

మొన్న అమలాపురంలో ఒక కిరాణా కొట్టు దగ్గర, పై దేశం నుంచి వచ్చి ఇంకా నెల తిరగని ఒక కుర్రాడు కొట్టాయనతో గొడవకు దిగాడు. చేతిలో లీటరు సన్‌ఫ్లవర్ ప్యాకెట్. దాని మీద 910 గ్రాములు అని అచ్చేసి ఉంది. "లీటరు అంటే కిలో కదా, తొంభై గ్రాములు ఎవరు తిన్నారు?" అంటాడు. "లీటరేనండి, కిలో కాదండి" అని కొట్టాయన ఓపిగ్గా చెబుతున్నా వినడు. చివరికి అలిగి పక్కనున్న 850 గ్రాముల ప్యాకెట్ తీసుకుని పోయాడు, పది రూపాయలు తక్కువని.

తమ్ముడూ, ఈ రాత నీ కోసమే. ఇల్లు వెతుక్కోవడం, గ్యాస్ కనెక్షన్, ఆధార్‌లో చిరునామా మార్పు, ఇవన్నీ నీకు చుట్టాలు చెబుతారు. నూనె సంగతి మాత్రం ఎవరూ చెప్పరు, ఎందుకంటే ఇక్కడ పుట్టినవాళ్లకు అది చెప్పాల్సిన విషయమనే తోచదు. మేం మస్కట్ నుంచి వచ్చిన కొత్తలో సరుకుల పద్దు ఏ నెలా కుదిరేది కాదు. అక్కడ సీసా మీద లీటర్లు చూసి కొనడమే అలవాటు. ఇక్కడ ఒకే అరలో లీటరు ప్యాకెట్, కిలో ప్యాకెట్, 870 గ్రాములది, 850 గ్రాములది పక్కపక్కనే ఉంటాయి. గానుగ దగ్గరికి వెళ్తే కిలోల్లో చెబుతారు. దేనితో దేన్ని పోల్చాలో తెలియక మొదటి నెలలంతా విసుగే.

అసలు విషయం ఒక్కటే. నూనె నీళ్లకన్నా తేలిక. లీటరు నీళ్లు కిలో తూగితే, లీటరు నూనె సుమారు 910 గ్రాములే తూగుతుంది. సన్‌ఫ్లవర్, వేరుశనగ, నువ్వులు, తవుడు, పామాయిల్, ఏదైనా మన ఎండల్లో ఆ అంకెకు కాస్త అటూ ఇటూగానే ఉంటుంది. కాబట్టి ఆ ప్యాకెట్‌లో తొంభై గ్రాములు ఎవరూ తినలేదు. ఇదే లెక్కను తిప్పి చూస్తే కిలో నూనె అంటే దాదాపు లీటరూ నూరు మిల్లీలీటర్లు.

దీన్ని ధరకు ఎలా వాడాలో చూడు. కిలో ధరను 0.91తో గుణిస్తే లీటరు ధర వస్తుంది. లీటరు ప్యాకెట్ 150 రూపాయలు, అదే రకం కిలో ప్యాకెట్ 160 రూపాయలు అనుకుందాం. పైకి లీటరుదే చవక అనిపిస్తుంది. కానీ 160ని 0.91తో గుణిస్తే 145 రూపాయల 60 పైసలు. అంటే లీటరుకు నాలుగు రూపాయలకు పైగా కిలో ప్యాకెట్టే చవక. కొట్లో నిలబడి గుణకారం చేయలేనంటే లీటరు ధరకు పదో వంతు కలుపు. 150కి 15 కలిపితే 165. కిలో ప్యాకెట్ 165 కన్నా తక్కువకు వస్తుంటే అది తీసుకో, ఎక్కువైతే లీటరుది తీసుకో.

ఇక ఆ కుర్రాడు పట్టుకెళ్లిన 850 గ్రాముల ప్యాకెట్. 140 రూపాయలకు 850 గ్రాములంటే కిలో 164 రూపాయల 70 పైసలు పడుతుంది. లీటరు లెక్కలో 149 రూపాయల 90 పైసలు. పది రూపాయలు మిగిలాయనుకున్నాడు, మిగిలింది పది పైసలు! లీటరు ప్యాకెట్‌కూ దానికీ లీటరు రేటులో తేడా లేదు, లోపలి నూనెలోనే ఉంది. రెండూ ఒకే ఎత్తు, ఒకే రంగు కవర్లు కాబట్టి కంటికి తెలియదు. అందుకే ముందు వైపు పెద్ద అక్షరాలు వదిలేసి వెనక చిన్నగా రాసిన నికర బరువు చదవమంటాను. ప్యాకెట్ మీద గ్రాముకు ఇంత, మిల్లీలీటరుకు ఇంత అని యూనిట్ ధర కూడా వేస్తున్నారు, మంచిదే. కానీ ఒకదాని మీద గ్రాముకు, ఇంకోదాని మీద మిల్లీలీటరుకు ఉంటే ఆ రెంటినీ నేరుగా పోల్చకూడదు. అక్కడా 0.91 రావలసిందే.

వేడి సంగతీ ఉంది. నూనె వేడెక్కితే ఉబ్బుతుంది, అదే లీటరు పాత్రలో తక్కువ బరువు పడుతుంది. కొన్ని కంపెనీలు ప్యాకెట్ మీద లీటరు అని రాసి పక్కనే అరవై డిగ్రీల దగ్గర అని చేర్చేవి. సోయా నూనె 21 డిగ్రీల దగ్గర లీటరు 919 గ్రాములుంటే, 60 డిగ్రీల దగ్గర 892.6 గ్రాములే. అందుకే 2022 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల శాఖ, ఉష్ణోగ్రత రాయకుండా లీటర్లూ బరువూ రెండూ సరిగ్గా వేయమని కంపెనీలకు చెప్పింది. మన చలికాలానికీ మే నెల మధ్యాహ్నానికీ మధ్య తేడా నూటికి ఒకటిన్నర వంతు దాకా ఉంటుంది. లీటరు మీద రెండు రూపాయలు. కొలపాత్రతో పోసే చోట ఇది గుర్తుంచుకుంటే చాలు. తూకానికి ఎండతో పని లేదు.

నాకు అసలు భయం డబ్బాల దగ్గర. దయచేసి ఈ ముక్క జాగ్రత్తగా చదవండి. పెద్ద డబ్బాలు రెండు రకాలు, 15 లీటర్లవి, 15 కిలోలవి. పక్కపక్కన పెడితే ఒకేలా ఉంటాయి. 15 కిలోల డబ్బాలో పదహారున్నర లీటర్ల నూనె ఉంటుంది. 15 లీటర్ల డబ్బాలో ఉండేది పదమూడు కిలోల ఆరువందల యాభై గ్రాములు. మా గృహప్రవేశానికి ఫోన్‌లో "పదిహేను డబ్బా" అని చెబితే, ఒక కొట్టువాళ్లు కిలోల డబ్బా ధర 2,250 తీసుకుని లీటర్ల డబ్బా దింపి వెళ్లారు. బూరెలు సగంలో ఉండగా నూనె చాలలేదు. లీటరున్నర తక్కువ వచ్చింది, అంటే రెండువందల రూపాయలు పోయినట్టే. అడిగితే "పదిహేనే కదండీ" అన్నారు. పదిహేను ఏమిటో ఫోన్‌లోనే చెప్పాలి, బిల్లు మీదా రాయించాలి. డబ్బా దించగానే అచ్చు చూడాలి. అచ్చు చెరిగిపోయి ఉంటే తూకం వేయించండి. ఖాళీ డబ్బా బరువు కిలోకు అటూ ఇటూ ఉంటుంది కాబట్టి నిండు డబ్బా పదహారు కిలోల దగ్గర తూగితే కిలోలది, పద్నాలుగున్నర దగ్గర తూగితే లీటర్లది. అలా తూస్తే కొట్టాయన ఏమనుకుంటాడో అని మొహమాటపడొద్దు.

ఆవకాయ రోజుల్లోనూ ఇంతే. మీ అత్తగారు కిలో నువ్వుల నూనె అంటే కిలోయే. మీరు లీటరు తెస్తే జాడీలో ముక్క మీద నూనె తేలడానికి తొంభై గ్రాములు తగ్గుతుంది.

సరే, ఇంత చెప్పాక ఇదీ చెప్పాలి. నెలకు నాలుగు లీటర్లు వాడే ఇంటికి లీటరుకు నాలుగైదు రూపాయల తేడా అంటే నెలకు ఇరవై రూపాయలు. దానికోసం మూడు కొట్లు తిరగక్కర్లేదు, టెన్షన్ పడక్కర్లేదు. కొట్టాయన కూడా చాలాసార్లు కంపెనీ పంపిందే అమ్ముతున్నాడు, 910 చూపించి ఆయన్ని నిలదీయకండి. డబ్బా కొనేటప్పుడు మాత్రం అడగండి.