రంగు వేసే ముందు క్లారిఫైయింగ్ షాంపూ అవసరమా?

రోజూ సీరమ్ రాసేవాళ్లు రంగు వేసుకునే ముందు రోజు ఒకసారి, జుట్టు మీద పేరుకున్న పొరను కడిగేసే క్లారిఫైయింగ్ షాంపూతో తలస్నానం చేయండి, కండిషనర్ వద్దు. అమ్మోనియా ఉన్న పర్మనెంట్ డై అయితే పెద్ద తేడా ఉండదు. అది వెంట్రుకను ఉబ్బించి లోపలికి వెళ్తుంది కాబట్టి సీరమ్ వదిలే పల్చటి సిలికాన్ పొర దాన్ని ఆపలేదు. సెమీ పర్మనెంట్ రంగుకే తేడా కనిపిస్తుంది. అది ఎక్కువగా పైపైనే పట్టుకుంటుంది, అందుకే సీరమ్ పేరుకున్న చివర్లలో మచ్చలు మచ్చలుగా వస్తుంది. తడిపినప్పుడు చివర్ల మీద నీళ్లు నిలవకుండా జారిపోతుంటే పొర ఉన్నట్టే అనుకోవచ్చు. కణతల దగ్గర తెల్లవెంట్రుకలు రంగు పట్టకపోవడం మాత్రం వేరే సంగతి, అవి సహజంగానే మొండివి. అదే రోజు మాడు గట్టిగా రుద్ది కడిగితే డై మంట పుట్టించవచ్చు. రంగు వేశాక మాత్రం ఈ షాంపూ జోలికి వెళ్లొద్దు, త్వరగా వెలిసిపోతుంది.