టారో స్వయంబోధిని – 23వ పాఠం: చదువు ముగిశాక వరల్డ్ కార్డు

మేజర్ ఆర్కానాలో చివరిదైన 21వ కార్డును ముందు ఎదురుగా పెట్టుకోండి. 1909లో లండన్‌లో వెలువడిన రైడర్-వెయిట్ కట్టనే ఈ పాఠంలోనూ వాడుతున్నాం. పమేలా కోల్మన్ స్మిత్ గీసిన ఆ బొమ్మలో ఆకుల దండ మధ్య ఒక స్త్రీ నాట్యమాడుతోంది. రెండు చేతుల్లో రెండు కర్రలు, నాలుగు మూలల్లో మనిషి, గద్ద, ఎద్దు, సింహం తలలు.

ఇప్పుడు 10వ కార్డు, వీల్ ఆఫ్ ఫార్చ్యూన్, పక్కన పెట్టి పోల్చండి. అక్కడా మూలల్లో ఆ నలుగురే ఉన్నారు, కానీ అందరి ముందూ తెరిచిన పుస్తకాలున్నాయి. 21వ కార్డుకు వచ్చేసరికి పుస్తకాలు లేవు. డిగ్రీ పూర్తిచేసినవారికి ఈ కార్డు వచ్చినప్పుడు నేను మొదట చూపించేది ఈ తేడానే. పాఠ్యక్రమం ఇచ్చేవారు, ఇది చదువు, అది రాయి అని చెప్పేవారు ఇక ఉండరు. చాలామంది ఈ కార్డు రాగానే ‘విజయం’ అని ఒక్క మాటలో తేల్చేస్తారు. ప్రశ్న అడిగినవారికి తాము పూర్తిచేశామని ముందే తెలుసు కదా, ఆ మాటతో వారికి ఒరిగేదేమీ లేదు.

అసలు పని పక్క కార్డులతో ఉంటుంది. నాట్యగత్తె ముఖం మనకు ఎడమవైపు తిరిగి ఉంది గమనించండి. మూడు కార్డులు వరుసగా పరిచి, మధ్యలో వరల్డ్ పడితే, ఆమె చూపు ఎడమ కార్డు మీద, అంటే జరిగినదాని మీద ఉంటుంది. కార్డు తలకిందులుగా పడితే చూపు కుడివైపుకు మారుతుంది. ఇక్కడి పని ముడి వేయకుండానే మనసు తర్వాతి దానికి వెళ్ళిపోయిందని అప్పుడు చదువుతాను. తలకిందుల వరల్డ్‌ను ‘అపజయం’ అని చదవడం నాకు నచ్చదు. దండ తెగలేదు, కార్డు తిరిగిందంతే. అలాంటప్పుడు నేరుగా అడగండి: వైవా అయిందా? పరీక్షకులు చెప్పిన సవరణలు చేసి ఇచ్చారా? ప్రొవిజనల్ సర్టిఫికెట్ చేతికి వచ్చిందా? చాలాసార్లు మిగిలిపోయిన ముడి అంత చిన్నదే అయి ఉంటుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. హైదరాబాద్‌లో ఒక అమ్మాయి పీహెచ్‌డీ ముగించింది, వైవా కూడా అయింది. ‘ఉద్యోగం వస్తుందా?’ అని అడిగింది. ఈ ప్రశ్నకు కార్డులు పరచకండి. అవునో కాదో, ఏ నెలలోనో తేల్చే శక్తి వీటికి లేదు. ప్రశ్నను ‘ఈ పరిశోధన నుంచి నాతో ఏం తీసుకెళ్ళాలి, మొదట ఏం చేయాలి?’ అని మార్పించండి. ఎడమన ఎయిట్ ఆఫ్ పెంటకిల్స్, మధ్యలో నిటారుగా వరల్డ్, కుడివైపు టూ ఆఫ్ వాండ్స్ వచ్చాయనుకుందాం.

ఎడమ కార్డులో పనివాడు బల్ల మీద కూర్చుని నాణెం చెక్కుతున్నాడు, ఊరు వెనక ఎక్కడో దూరంగా ఉంది. నాట్యగత్తె చూస్తున్నది ఇతన్నే. కాబట్టి వెంట తీసుకెళ్ళవలసింది పట్టా కంటే చేతి పనితనం. ఆ అమ్మాయిని ప్రయోగశాలలో రోజూ చేసిన పనులేమిటో రాయమనండి. అలవాటైపోయినందువల్ల ఆమె లెక్కలోకి తీసుకోని నైపుణ్యం అందులో బయటపడవచ్చు. ఊరు దూరంగా ఉండటాన్నీ వదలకండి: ఆ పని ఆమెకు వచ్చని ప్రయోగశాల బయట ఎవరికి తెలుసు?

కుడి కార్డులో ఒకడు కోటగోడ మీద నిలబడి సముద్రం వైపు చూస్తున్నాడు. కుడిచేతిలో చిన్న భూగోళం, ఎడమచేతిలో కర్ర. రెండో కర్ర గోడకున్న కడియంలో బిగించి ఉంది. వరల్డ్ కార్డులో రెండు కర్రలూ చేతుల్లో తేలికగా ఉన్నాయి, ఇక్కడ ఒకటి గోడకు అతుక్కుపోయింది. ఇతనింకా బయలుదేరలేదు. ఓడలు సాగుతూ కనిపించేది త్రీ ఆఫ్ వాండ్స్‌లో. అందుకే ఈ వరుసను ‘విదేశం వెళ్తావు’ అని చదివితే తొందరపాటే. గోడకు కట్టిన కర్ర ఏదో ముందు తెలుసుకోవాలి. అది గైడ్ దగ్గరే కొనసాగమన్న మాట కావచ్చు, ఇంటి బాధ్యత కావచ్చు, పాత అంశాన్ని వదలలేని తనం కావచ్చు. అది ఏదో కార్డు చెప్పదు, ఆమె చెప్పాలి. చెప్పాక తదుపరి అడుగు చిన్నగానే పెట్టించండి: ఆ కర్ర గురించి మాట్లాడవలసిన ఒక మనిషి పేరు, దానికి ఒక తేదీ.

అభ్యాసం: మీరు ముగించిన ఏదైనా పెద్ద పనిని తలచుకుని వరల్డ్‌ను మధ్యలో మీరే పెట్టండి, మిగతా కట్ట కలిపి రెండు వైపులా ఒక్కో కార్డు తీయండి. అర్థాల పట్టిక తెరవకుండా, చూపు ఎటుంది, చేతుల్లో ఏముంది అన్నది మాత్రమే నాలుగు వాక్యాల్లో రాయండి. కుడివైపు ఫూల్ వస్తే దాన్ని పక్కన పెట్టి ఉంచండి. ఆ జంటకు వచ్చే పాఠం మొత్తం కావాలి.