మడతలో పోయిన అక్షరాలు: పాత కాగితం తిరగరాసే ముందు జాగ్రత్తలు

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు నీళ్లు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు మా పెదనాన్నగారి ట్రంకుపెట్టె నీళ్లలో ఉండిపోయింది. అందులో గుంటూరు వైపు పొలం తాలూకు పంపకాల కాగితం ఉంది. రిజిస్టరైన దస్తావేజు తడిస్తే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నకలు తెచ్చుకోవచ్చు. ఇది పెద్దమనుషుల ముందు ఇంట్లో రాసుకున్నది, రెండో ప్రతి లేదు. మళ్లీ వానలు రాకముందే మీ ఇళ్లలోనూ ఇలాంటివి బయటికి తీసి తిరగరాస్తారని తెలుసు కాబట్టి, మేం చేసిన పని, చేసిన తప్పు రెండూ చెబుతాను.

ముందు తప్పు. మా అన్నయ్య మంచి ఉద్దేశంతోనే, వెలిసిన అక్షరాల మీద రెండు చోట్ల బాల్‌పెన్నుతో దిద్దాడు. ఆ రెండు చోట్ల రాసినాయన ఏం రాశాడో ఇక ఎవరికీ తెలియదు, అన్నయ్య ఏమనుకున్నాడో మాత్రమే తెలుస్తుంది. అసలు కాగితం మీద కలం పెట్టకండి. సెల్లోటేపు, లామినేషన్ కూడా వద్దు. టేపు జిగురు కొన్నేళ్లకు పచ్చబడి దానికదే కొత్త మరక అవుతుంది. పెళుసు మడత విప్పబోయే ముందు ఉన్నదాన్ని ఉన్నట్టే ఫోటో తీయండి, విప్పాక మళ్లీ తీయండి. గది చీకటి చేసి, టార్చిని కాగితానికి పక్కనుంచి వాలుగా వేస్తే సిరా పోయినా పాళీ నొక్కిన గాడి కొన్నిచోట్ల కనిపిస్తుంది.

తిరగరాసేటప్పుడు గుర్తులు ముందే పెట్టుకోవాలి. శాసనాలు, పాత ప్రతులు చదివేవాళ్లు 1931 నుంచి వాడుతున్న లైడెన్ పద్ధతిని మేం ఇంటికి సరిపడా తీసుకున్నాం. పూర్తిగా పోయి, మనం ఊహించి నింపిన అక్షరాలు చదరపు బ్రాకెట్లలో ఉంటాయి. కొంత గీత మిగిలినా అది ఒక్కటే చూస్తే ఏ అక్షరమో తేలనప్పుడు దాని కింద చుక్క పెడతాం. టైపులో తెలుగు అక్షరం కింద చుక్క సరిగా కుదరదు, అందుకని మేం పక్కన ప్రశ్నార్థకం పెట్టాం. ఊహకు అందనిచోట, పోయినవి ఎన్ని అక్షరాలో అన్ని చుక్కలు. ఎన్నో ఎలా తెలుస్తుందంటే, పై వరసలోనూ కింది వరసలోనూ అంతే వెడల్పులో ఎన్ని అక్షరాలు పట్టాయో లెక్కపెట్టాలి. మ, య లాంటివి ఎక్కువ చోటు తీసుకుంటాయి కాబట్టి ఒకటి అటూఇటూ అవుతుంది.

మా కాగితంలో మూడు వాటాలకూ చివర ఒకే మాట వస్తుంది. రెండో వాటా దగ్గర మడత దాన్ని తినేసింది. మొదటి, మూడో వాటాల్లో స్పష్టంగా ఉంది కాబట్టి "యీ నాలుగు హ[ద్దుల మ]ధ్య గల" అని ధైర్యంగా రాశాం. రాసినాయన "యీ" అని రాస్తే మనం "ఈ" అని దిద్దకూడదు. బ్రాకెట్లో నింపేది కూడా ఆయన స్పెల్లింగులోనే ఉండాలి.

అంకెల దగ్గర పని కష్టమైంది. య అంటే యకరాలు, గీత తర్వాతివి సెంట్లు. రెండో వాటా "య 0-9" దాకా ఉంది, తర్వాతి అంకెకు కింద సగమే మిగిలింది. ఎడమవైపు తెరిచి ఉన్న గుండ్రటి వంపు. అది 3 కావచ్చు, 5 కావచ్చు. 8 అయితే వంపు మూసుకుని ఉండేది. మొదటి వాటా 1-25, మూడోది 0-97, మొత్తం "మూడు ఎకరాల పదిహేను సెంట్లు" అని అక్షరాల్లో కూడా ఉంది. తీసివేస్తే 0-93 వస్తుంది, వంపుకూ సరిపోతుంది. అయినా "0-93?" అనే రాసి, లెక్క ఎలా వచ్చిందో కింద చెప్పాం. మొత్తం వేసిన మనిషే పొరబడి ఉండొచ్చు కదా. రెండు వాటాల్లో అంకెలు పోయి ఉంటే ఈ లెక్క అసలు పనికిరాదు.

పేర్ల దగ్గరైతే నింపొద్దనే నా మాట. తూర్పు హద్దు వరసలో మూడక్షరాల చోటు చిరిగింది, మూడో అక్షరం కింద య వత్తు తోక మాత్రం మిగిలింది. తర్వాత "గారి మెట్ట" అని ఉంది. "వీరయ్యగారిదేరా, నాకు తెలియదా" అన్నారు పెద్దమ్మ. ఆవిడ మాట నిజమే అయ్యుండొచ్చు. కానీ రామయ్య కూడా అక్కడ అంతే చక్కగా పడుతుంది, వెంకయ్యా పడుతుంది. పై అక్షరమే పోయింది కాబట్టి అది య్య అని కూడా గట్టిగా చెప్పలేం, ఆదిత్యకూ అదే తోక. హద్దు పేరు తప్పుగా నింపితే రేపు పొరుగు రైతుతో తగాదా. అందుకని వరసలో "[...] గారి మెట్ట" అనే వదిలేశాం. అట్టడుగున, మూడో అక్షరం కింద య వత్తు ఉందని, వీరయ్య అని పెద్దమ్మ చెప్పారని, ఏ తేదీన చెప్పారో వేసి ఆవిడ చేత సంతకం పెట్టించాం. పడమర హద్దు "డొంక" మాత్రం చెక్కుచెదరకుండా ఉంది.