విరిగిన పెన్ డ్రైవ్‌ను రిపేర్‌కు ఇచ్చేముందు

☐ కనెక్టర్ ఊగుతుంటే, వంచి పట్టుకుని మళ్లీ పెట్టి చూడకండి. మామూలు యూఎస్‌బీ పిన్నులు నాలుగే: ఒకటి 5 వోల్టులు, రెండు డేటా, ఒకటి గ్రౌండ్. ఆ 5 వోల్టులు డేటా పిన్నుకు తగిలితే, అప్పటిదాకా బాగున్న కంట్రోలర్, అంటే డ్రైవ్‌ను నడిపే చిప్ కూడా పోవచ్చు.

☐ బోర్డు మీది రాగి గీతలు లేచిపోయినా టెన్షన్ వద్దు. సన్నటి వైర్లు నాలుగు సోల్డర్ చేస్తే చాలాసార్లు ఫైళ్లు వచ్చేస్తాయి. డేటా ఉండే మెమరీ చిప్ ఊడదీయాల్సిన పనే లేదు.

☐ కనెక్టర్ బాగానే ఉన్నా డ్రైవ్ వేడెక్కుతూ, విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో `No Media` అని చూపిస్తే కంట్రోలర్ మీద అనుమానపడాలి. నెట్‌లో దొరికే ఫర్మ్‌వేర్ టూల్స్ మాత్రం నడపకండి. డ్రైవ్ బతుకుతుంది, డేటా పోతుంది.

☐ కంట్రోలర్ నిజంగా చచ్చిపోతే, మెమరీ చిప్‌ను వేడిగాలితో ఊడదీసి రీడర్‌లో చదవడమే దారి. కంట్రోలర్ డేటాను కలగాపులగం చేసి రాస్తుంది కాబట్టి, దాని మీది నంబరు చూసి ఆ చిక్కు విప్పాలి. అందుకే పాత బోర్డు ముక్కలు కూడా పారేయకుండా ఇవ్వండి.

☐ హార్డ్‌వేర్ ఎన్‌క్రిప్షన్ ఉన్న డ్రైవ్ అయితే ముందే చెప్పండి. చిప్ చదివినా అర్థంలేని అంకెలే వస్తాయి.