కంటెంట్ రైటర్‌ను ఎంచుకోవడం – 3వ పాఠం: ముందు శాంపిల్, తర్వాతే రెజ్యూమే

గత పాఠంలో ఉద్యోగ ప్రకటనను మూడు ముక్కలుగా విడదీసుకున్నాం: రంగం మీద పట్టు, ఎస్ఈఓ, ఎడిటింగ్. ఈసారి ఒక అప్లికేషన్‌ను వాటి పక్కన పెట్టి చూద్దాం.

విశాఖపట్నం మధురవాడలో ఆఫీసున్న ఒక రొయ్యల మేత కంపెనీ తెలుగు రైటర్ కోసం ప్రకటన ఇచ్చిందనుకోండి. చదివేవాళ్లు భీమిలి నుంచి భీమవరం దాకా ఉన్న రైతులు. ఒకావిడ అప్లై చేసింది. ఆరేళ్ల అనుభవం. ఆక్వా, హెల్త్, ఫైనాన్స్ మూడింట్లోనూ నిపుణురాలినని రాసుకుంది. శాంపిల్‌గా రొయ్యలకు వచ్చే వైట్ స్పాట్ వ్యాధి మీద రాసిన వ్యాసం పంపింది.

రెజ్యూమే మూసేసి ముందు వ్యాసం చదవండి. "ఆరేళ్లు" అన్న మాట ఒకసారి కంటపడితే, వ్యాసంలో తప్పు కనిపించినా పొరపాటులే అని సరిపెట్టుకుంటాం.

వ్యాసం నున్నగా సాగుతోంది. అక్షర దోషాలు లేవు. మధ్యలో ఒక వాక్యం: "వ్యాధి కనిపించగానే తగిన యాంటీబయాటిక్స్ వాడాలి." ఇక్కడ ఆగాలి. వైట్ స్పాట్ వైరస్ వల్ల వస్తుంది, దానికి యాంటీబయాటిక్స్ పనిచేయవు. పైగా క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల లాంటి నిషేధిత మందుల ఆనవాళ్లు రొయ్యలో దొరికితే విదేశాలు సరుకును తిప్పి పంపిస్తాయి. అంటే ఈ వాక్యం నమ్మిన రైతు మందుకు డబ్బు పోగొట్టుకుంటాడు, ఆ తర్వాత అమ్మకం కూడా చేజారుతుంది.

ఒక్క తప్పుతో తీర్పు ఇవ్వకండి. ఆ వాక్యం ఆమె రాసిందా, తర్వాత ఎవరైనా చేర్చారా మనకు తెలియదు. రెండో ఆధారం వెతకండి. కింద "100 కౌంట్‌కు ఎదిగిన పెద్ద రొయ్యలు" అని ఉంది. కౌంట్ అంటే కిలోకు ఎన్ని తూగుతాయో ఆ లెక్క. 100 కౌంట్ రొయ్య 10 గ్రాములే, 30 కౌంట్ రొయ్య దాదాపు 33 గ్రాములు. చెరువు గట్టున ఒక్క రైతుతో మాట్లాడినా ఈ తప్పు దొర్లదు. నిజంగా తెలిసినవాళ్లు రాస్తే వైరస్ ఉందో లేదో పీసీఆర్ పరీక్ష చేయించిన రొయ్య పిల్లల సీడ్, పీతలు రాకుండా గట్టు చుట్టూ కట్టే వల, వ్యాధి వచ్చిన చెరువు నీళ్లు శుద్ధి చేయకుండా బయటికి వదలకూడదన్న జాగ్రత్త, ఇలాంటివి వాటంతటవే వస్తాయి. ఈ వ్యాసంలో వీటిలో ఒక్కటీ లేదు.

ఇక ఎస్ఈఓ. వ్యాసం పేరు "రొయ్యల సాగు – సమస్యలు, పరిష్కారాలు". చెరువులో రొయ్యలు గట్టుకు చేరి చస్తుంటే ఏ రైతూ ఈ మాటలతో వెతకడు. "రొయ్యల వైట్ స్పాట్ లక్షణాలు" అని వెతుకుతాడు. అలా వచ్చినవాడికి మొదటి మూడు పేరాలూ ఆక్వా రంగం గొప్పతనమే చెబుతాయి.

ఇప్పుడు రెజ్యూమే తెరవండి. "మెటా కీవర్డ్స్‌లో నైపుణ్యం" అని ఉంది. పేజీ కోడ్‌లో పెట్టే ఆ ట్యాగ్‌ను ర్యాంకింగ్‌కు లెక్కలోకి తీసుకోబోమని గూగుల్ 2009లోనే చెప్పేసింది. "ట్రాఫిక్ 300 శాతం పెంచాను" అనీ ఉంది. ఎన్ని నుంచి ఎన్నికి? నెలకు 40 క్లిక్కులు 160 అయినా 300 శాతమే. గూగుల్ వెతుకులాటలో ఏ మాటలకు ఎన్ని క్లిక్కులు వచ్చాయో చూపే సెర్చ్ కన్సోల్ స్క్రీన్‌షాట్ అడగండి. అందులో కంపెనీ పేరుతో వెతికినవాళ్లను తీసేసి చూపించమనండి. పేరు తెలిసి వచ్చినవాళ్లను వ్యాసం తెచ్చిపెట్టలేదు కదా.

ఎడిటింగ్ మాత్రం అచ్చయిన శాంపిల్‌లో కనిపించదు. ఆ నునుపు ఇంకో ఎడిటర్ చలవ కావచ్చు. 300 పదాల చిన్న పరీక్ష పెట్టండి, చేసినందుకు డబ్బు ఇవ్వండి. అందులో ఇలాంటి వాక్యం ఒకటి దాచండి: "చదరపు మీటరుకు 60 పిల్లల చొప్పున ఎకరాకు 6 లక్షల సీడ్ వేయాలి." ఎకరం సుమారు 4,047 చదరపు మీటర్లు, కాబట్టి లెక్క 2.4 లక్షల దగ్గర తేలుతుంది. 6 లక్షలు హెక్టారు లెక్క. కామాలు దిద్ది ఇది వదిలేస్తే ప్రూఫ్ చూసినట్టే, ఎడిట్ చేసినట్టు కాదు. చడీచప్పుడు లేకుండా అంకె మార్చేస్తే అదీ ప్రమాదమే. నాకు కావలసింది పక్కన కామెంట్‌లో "ఎకరానా, హెక్టారా? రాసినవారిని అడగాలి" అని పెట్టే మనిషి.

ఈ అప్లికేషన్ మీద నా తీర్పు: రంగం మీద పట్టు లేదు, ఎస్ఈఓ పాతది, ఎడిటింగ్ ఇంకా తేలలేదు. ప్రతి వ్యాసాన్నీ చూసి పంపే టెక్నీషియన్ కంపెనీలో ఉంటే పరీక్ష దాకా పిలుస్తాను. లేకపోతే పిలవను.

వచ్చే పాఠానికి ముందు మీ దగ్గరున్న ఒక శాంపిల్‌లో, ఆ రంగంలో పనిచేసేవాళ్లు మాత్రమే తప్పు పట్టగల వాక్యాల కింద గీతలు గీయండి. వాటిని అలాంటి ఒకరికి చూపించి, వాళ్లన్నది పక్కనే రాసి ఉంచండి. పరీక్ష పేపర్ తయారీలో అవి పనికొస్తాయి.