సంఘం ఖాతాలో సంతకందారుల మార్పు: బ్యాంకు కాగితాలు ఎందుకు తిప్పి పంపుతుంది, ఏం సరిదిద్దాలి

సంఘానికి ఎన్నికలు జరిగినంత మాత్రాన బ్యాంకుకు కొత్త కోశాధికారి తెలియరు. బ్యాంకు దృష్టిలో ఖాతా తెరిచిన రోజు ఇచ్చిన కాగితమే ఆదేశం. ఎవరు సంతకం చేయాలో, ఒక్కరా ఇద్దరా అన్నది అందులో ఉంటుంది. ఆ ఆదేశాన్ని మార్చాలంటే నియమావళి నుంచి తీర్మానానికి, తీర్మానం నుంచి పాత సంతకందారులకు, వారి నుంచి కొత్త సంతకాలకు ఒక గొలుసు కనబడాలి. బ్యాంకు కాగితాలు తిప్పి పంపినప్పుడల్లా ఆ గొలుసులో ఏ లంకె తెగిందో వెతికితే పని తేలిపోతుంది.

ఉదాహరణకు తెలంగాణలో 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైన ఒక అపార్టుమెంటు సంఘాన్ని తీసుకుందాం. ఖాతా ఆదేశం ఇలా ఉంది: కోశాధికారి సంతకం తప్పనిసరి, దానికి తోడు అధ్యక్షుడు గానీ కార్యదర్శి గానీ సంతకం చేయాలి. సర్వసభ్య సమావేశంలో అధ్యక్షుడు, కోశాధికారి మారారు, కార్యదర్శి కొనసాగుతున్నారు. కొత్త కోశాధికారి లేఖ పట్టుకుని బ్రాంచికి వెళ్లారు.

సమస్య: "ఈ లేఖ మీ సంతకంతో చెల్లదు" అన్నారు

కారణం సూటిగానే ఉంది. కొత్త కోశాధికారి పేరు ఇంకా బ్యాంకు పుస్తకాల్లో లేదు. తనకు అధికారం ఉందని తానే రాసుకున్న లేఖను బ్యాంకు ఒప్పుకుంటే, ఎవరైనా లెటర్‌హెడ్ అచ్చు వేయించుకుని వచ్చి సంఘం డబ్బు అడగవచ్చు. అందుకే చాలా బ్రాంచీలు, మార్పు కోరే లేఖ మీద ఇప్పుడు అమల్లో ఉన్న ఆదేశం ప్రకారం సంతకాలు కావాలంటాయి. మన ఉదాహరణలో అంటే దిగిపోయిన కోశాధికారి, కొనసాగుతున్న కార్యదర్శి. ఈ ఇద్దరితో పాత ఆదేశం నెరవేరుతుంది కాబట్టి పాత అధ్యక్షుడి కోసం ఆగనక్కర్లేదు. లేఖను కొత్త కోశాధికారే తయారు చేయవచ్చు. దాని మీద సంతకాలు మాత్రం బ్యాంకు దగ్గర నమూనాలు ఉన్నవారివి కావాలి.

ఇలా రాస్తే సరిపోతుంది:

> బ్రాంచి మేనేజర్ గారికి,
>
> విషయం: మా సంఘం సేవింగ్స్ ఖాతా నంబరు ........ లో సంతకందారుల మార్పు.
>
> ........ తేదీన జరిగిన సర్వసభ్య సమావేశంలో మా సంఘానికి కొత్త కార్యవర్గం ఎన్నికైంది. ........ తేదీ కార్యవర్గ తీర్మానం ప్రకారం పై ఖాతాలో పూర్వ అధ్యక్షుడు శ్రీ ........, పూర్వ కోశాధికారి శ్రీ ........ గార్ల సంతకాల అధికారాన్ని రద్దు చేసి, కొత్త అధ్యక్షుడు శ్రీ ........, కొత్త కోశాధికారి శ్రీమతి ........ గార్ల నమూనా సంతకాలను నమోదు చేయగలరు. కార్యదర్శి శ్రీ ........ గారి సంతకం యథాతథంగా కొనసాగుతుంది. పూర్వ సంతకాలతో ఇచ్చి, ఇంకా సొమ్ము చెల్లించని చెక్కుల జాబితా జతపరిచాం. వాటిని చెల్లించగలరు.
>
> జతపరచినవి: తీర్మానం నిజప్రతి, ఎన్నిక జరిగిన సమావేశపు మినిట్స్ నిజప్రతి, నమూనా సంతకాల పత్రం, కొత్తవారి గుర్తింపు పత్రాలు, ఫోటోలు, చెక్కుల జాబితా.

"యథాతథంగా కొనసాగుతుంది" అన్న వాక్యాన్ని వదిలేయకండి. అది లేకపోతే కార్యదర్శి ఉన్నట్టా లేనట్టా అని మళ్లీ కబురు వస్తుంది.

పాత కోశాధికారి చనిపోయి ఉంటే మరణ ధ్రువపత్రం నకలు జతచేసి, కార్యదర్శి, సమావేశానికి అధ్యక్షత వహించినవారు కలిసి లేఖ ఇవ్వాలి. విదేశాల్లో ఉంటే, సంతకం చేసి పంపిన లేఖను ఎలా తీసుకుంటారో బ్రాంచిని ముందే అడగాలి. ఇవి ఓపికతో తెమిలే పనులే. అసలు చిక్కు పాతవారు దిగనంటేనే వస్తుంది. రెండు వర్గాలూ చెరో లేఖ ఇస్తే బ్యాంకు ఎవరి పక్షమూ తీసుకోదు, ఖాతా లావాదేవీలను ఆపేస్తుంది. ఆ స్థితిలో మేనేజర్‌తో వాదించి లాభం లేదు. సొసైటీల చట్టం 23వ సెక్షన్ ప్రకారం ఇలాంటి తగాదాను మధ్యవర్తిత్వానికి గానీ జిల్లా కోర్టుకు గానీ తీసుకువెళ్లాలి. ఎన్నికైన కార్యవర్గం జాబితాను ఏటా రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేసే అలవాటున్న సంఘానికి అక్కడ చేతిలో ఒక ఆధారం ఉంటుంది. దాని ధ్రువీకృత నకలును బ్యాంకులు కూడా గౌరవిస్తాయి.

సమస్య: తీర్మానం సరిగా లేదని వెనక్కి ఇచ్చారు

ఎక్కువ కాలయాపన జరిగేది ఇక్కడే. సాధారణంగా సంఘాలు తెచ్చే కాగితం ఇలా ఉంటుంది: "కొత్త కార్యవర్గం ఏకగ్రీవంగా ఎన్నికైంది. బ్యాంకు ఖాతాలో పేర్లు మార్చాలని తీర్మానించడమైనది." ఇది ఎన్నిక వార్త. దీన్నిబట్టి రేపు వచ్చే చెక్కు మీద ఎన్ని సంతకాలు చూసుకోవాలో బ్యాంకు గుమాస్తాకు తెలియదు.

రిజర్వు బ్యాంకు కేవైసీ ఆదేశాలు ఇలాంటి సంఘాల విషయంలో కార్యవర్గ తీర్మానాన్ని అడుగుతాయి. సర్వసభ్య సమావేశం ఎన్నుకుంటుంది, ఖాతా నడిపే అధికారాన్ని కార్యవర్గం తీర్మానం చేసి ఇస్తుంది. కాబట్టి కాగితాలు రెండు. ఎన్నిక మినిట్స్ ఒక్కటే పట్టుకువెళ్తే సగం పనే అయినట్టు. రెండింటి తేదీల వరుస కూడా చూసుకోవాలి. కార్యవర్గ తీర్మానం తేదీ ఎన్నిక తేదీకి ముందుంటే, ఎన్నిక కాకముందే అధికారం ఎలా ఇచ్చారన్న ప్రశ్న వస్తుంది.

తీర్మానంలో ఖాతా నంబరు, బ్రాంచి పేరు, ఎవరి అధికారం ఏ తేదీ నుంచి రద్దవుతుంది, ఎవరికి వస్తుంది, సంతకాలు ఎలా కలవాలి అన్నవి విడివిడిగా ఉండాలి. నేనైతే ఇలా రాస్తాను:

> "........ బ్యాంకు, ........ బ్రాంచిలోని సేవింగ్స్ ఖాతా నంబరు ........ ను ఇకపై కోశాధికారి శ్రీమతి ........, ఆమెతో పాటు అధ్యక్షుడు శ్రీ ........ లేదా కార్యదర్శి శ్రీ ........, ఇద్దరూ కలిసి చేసిన సంతకాలతో నడపాలని, పూర్వ అధ్యక్షుడు శ్రీ ........, పూర్వ కోశాధికారి శ్రీ ........ గార్ల అధికారం ........ తేదీ నుంచి రద్దయినట్టు బ్యాంకుకు తెలియజేయాలని, ఆ తేదీకి ముందు వారు సంతకం చేసిన చెక్కులు చెల్లుతాయని ఏకగ్రీవంగా తీర్మానించడమైనది. ప్రతిపాదించినవారు ........, బలపరిచినవారు ........."

ఇందులో కీలకం "లేదా", "ఇద్దరూ కలిసి" అన్న మాటలు. "అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి సంతకాలతో" అని రాసి ఊరుకుంటే ముగ్గురూ కలిసి చేయాలని ఒక అధికారి, ఎవరు చేసినా చాలని మరొకరు అర్థం చేసుకునే వీలుంది. మొదటి అర్థం స్థిరపడితే ఒకరు ఊళ్లో లేనప్పుడు వాచ్‌మన్ జీతం కూడా ఆగిపోతుంది. రెండోది స్థిరపడితే సంఘం డబ్బు ఒక్కరి చేతిలోకి వెళ్తుంది. చిన్న సంఘానికి రెండూ మంచివి కావు.

తీర్మానం రాసే ముందు నియమావళిలో బ్యాంకు ఖాతా గురించి ఏముందో చదవండి. అక్కడ "అధ్యక్షుడు, కోశాధికారి కలిసి" అని ఉండగా తీర్మానంలో కార్యదర్శిని చేరిస్తే, నియమావళి నకలు చూసిన అధికారి ఆపేస్తారు. ఆపడం న్యాయమే. అప్పుడు నియమావళి ప్రకారమే తీర్మానం మార్చి రాయడం దగ్గరి దారి. నియమావళిని సవరించాలనుకుంటే దానికి సర్వసభ్య సమావేశం, రిజిస్ట్రార్ దగ్గర దాఖలు అవసరమవుతాయి. ఖాతాను అంతదాకా ఆపుకోకండి.

ఇక నకలు. మినిట్స్ పుస్తకాన్ని బ్యాంకులో వదిలి రావద్దు. తీర్మానాన్ని లెటర్‌హెడ్ మీద తిరగరాసి, "నిజప్రతి" అని వేసి, అధ్యక్షుడు, కార్యదర్శి సంతకం చేసి, సంఘం ముద్ర వేయాలి. అధికారం పొందుతున్న కోశాధికారి ఒక్కరే ధ్రువీకరించిన ప్రతిని నమ్మకూడదని బ్యాంకు అనుకోవడంలో తప్పు లేదు. హాజరైన సభ్యుల సంఖ్య, కోరం ఉందన్న మాట ఆ నకలులో కనబడాలి.

సమస్య: నమూనా సంతకాలు తీసుకోలేదు, లేదా తీసుకున్నాక సంతకం కలవడం లేదంటున్నారు

నమూనా పత్రంలో చిన్న గడులుంటాయి. సంతకం చివర సాగదీసిన గీత గడి దాటిందనుకోండి, స్కాన్ చేసేటప్పుడు ఆ ముక్క తెగిపోతుంది. తెరమీద కనబడే బొమ్మకు, చెక్కు మీది సంతకానికి పోలిక పోతుంది. నల్ల సిరాతో, గడి లోపలే, రోజూ చెక్కు మీద ఎలా చేస్తారో అలాగే చేయాలి. పాన్ కార్డు మీద ఇంగ్లీషులో, ఇక్కడ తెలుగులో చేసేవారు ముందే అధికారికి చెప్పి, చెక్కుల మీద ఏది వాడతారో అదే నమూనాగా ఇవ్వాలి. పేరు కూడా చూసుకోండి. తీర్మానంలో ఇంటిపేరు పొడి అక్షరంతో, పాన్ కార్డులో పూర్తిగా ఉంటే ఇద్దరూ ఒకరే అని నిరూపించమంటారు. తీర్మానంలో పేర్లను పాన్ కార్డు చూసి రాస్తే ఆ బాధ ఉండదు. నమూనా సంతకాలను బ్యాంకు అధికారి ఎదుటే చేయడం మేలు. కుదరనప్పుడు పాత సంతకందారు ఒకరు ధ్రువీకరించాలి.

సమస్య: అన్నీ ఇచ్చాం, అయినా చెక్కు వాపసు వచ్చింది

చెక్కుతో వచ్చిన వాపసు చీటీలో కారణం రాసి ఉంటుంది. దాన్ని చదవడంలోనే సగం పరిష్కారం ఉంది. సంతకం తేడా ఉందని రాస్తే నమోదు జరిగింది, పోలిక కుదరలేదని అర్థం, కొత్తగా నమూనా ఇవ్వాలి. సంతకం ఆదేశం ప్రకారం లేదని రాస్తే పేర్లు ఎక్కాయి గానీ కలయిక తప్పింది, అంటే ఇద్దరు చేయాల్సిన చోట ఒకరే చేశారో, కోశాధికారి లేకుండా మిగతా ఇద్దరు చేశారో చూడాలి. ఖాతా నడిపే అధికారం అందలేదని రాస్తే మార్పు ఇంకా కంప్యూటర్‌లోకి ఎక్కలేదు. బ్రాంచిలో కాగితం తీసుకోవడం వేరు, నమోదు కావడం వేరు. లేఖ రెండో ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకుని ఉంటే దాన్ని చూపి తొందరపెట్టవచ్చు.

వాపసును తేలిగ్గా తీసుకోకండి. సంతకం కలవకపోవడం వల్ల తిరిగొచ్చిన చెక్కు కూడా చెక్కు చెల్లకపోవడాన్ని నేరంగా చూసే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కిందికి రావచ్చని సుప్రీంకోర్టు 2012లో లక్ష్మీ డైకెమ్ కేసులో చెప్పింది. చెక్కు పుచ్చుకున్న కాంట్రాక్టరు నోటీసు పంపితే, అది అందిన 15 రోజుల్లో సొమ్ము చెల్లించాలి.

పాత కోశాధికారి సంతకంతో వెళ్లిన చెక్కుల దగ్గరే ఈ ప్రమాదం ఎక్కువ. చెక్కు 3 నెలలు చెల్లుతుంది. లిఫ్టు మరమ్మతుకు ఎన్నికలకు ముందు ఇచ్చిన చెక్కును ఆ సంస్థ ఎన్నికల తర్వాత వేస్తే, అప్పటికి ఆ సంతకం రద్దయి ఉంటుంది. అందుకే చెక్కు నంబరు, తేదీ, మొత్తం, ఎవరికి అన్న జాబితాను లేఖకు జతచేయమన్నది. ఒక్కో చెక్కుకు బ్యాంకు ఏమంటుందో తెలియకపోతే, పుచ్చుకున్నవారి దగ్గర నుంచి పాతది వెనక్కి తీసుకుని కొత్త సంతకాలతో మరొకటి ఇవ్వడం నయం.

కొత్త సంతకాలతో మొదట చిన్న మొత్తానికి చెక్కు రాసి, అది చెల్లాకే పెద్ద బిల్లులకు వెళ్లండి. ఇంటర్నెట్ బ్యాంకింగ్ ఉంటే పాత కోశాధికారి లాగిన్‌ను రద్దు చేయమని, ఓటీపీ, సందేశాలు వెళ్లే మొబైలు నంబరును మార్చమని వేరే ఫారంలో అడగాలి. సంతకం మారినా నంబరు దానంతట అది మారదు.