జీతం పాఠాలు – 3: పెరిగిన జీతం ఎటు పోయింది?

పోయిన పాఠంలో మీకు ఒక పని చెప్పాను. జీతం పడే ముందు రోజు ఖాతాలో ఎంత మిగిలిందో, గత పన్నెండు నెలలకీ వరసగా ఒక కాగితం మీద రాసుకోమన్నాను. ఆ కాగితం పక్కన పెట్టుకుని ఇది చదవండి. అది లేకుండా చదివితే ఇది కథలా ఉంటుంది తప్ప చేతికి రాదు.

ఆ కాగితం ఏం చెబుతుందో మా మేనల్లుడి లెక్కతో చూపిస్తాను. వాడిది రాయగడ. ఒక ప్రైవేటు కంపెనీ స్టోర్స్‌లో పని చేస్తాడు. అక్కా బావా పార్వతీపురంలో ఉంటారు, వీడు ఇక్కడ అద్దెగదిలో ఉంటున్నాడు. ఏప్రిల్‌లో ఇంక్రిమెంట్ వచ్చింది, నెలకి 5,000. దీపావళి వెళ్ళాక ఒక ఆదివారం మా ఇంటికొచ్చి, "మావయ్యా, దరమా పెరిగింది గానీ నెలాఖరుకి మళ్ళీ అదే గోల" అన్నాడు. (జీతాన్ని ఇక్కడ ఒడియా వాళ్ళు దరమా అంటారు. మా పిల్లల నోట్లోనూ అదే మాట.)

ముందు పే స్లిప్పులు రెండూ తీయించాను, పెరగక ముందుదీ, పెరిగాక వచ్చిందీ. చాలామంది 5,000 పెరిగిందనే అనుకుంటూ ఉంటారు. చేతికి అంత రాదు. వాడి గ్రాస్ 29,400 నుంచి 34,400 అయింది. బేసిక్ అందులో సగం కాబట్టి 2,500 పెరిగింది. బేసిక్ మీద 12 శాతం పీఎఫ్, అంటే 300 అక్కడ ఎక్కువ కోశారు. వృత్తి పన్ను 200 మారలేదు. చేతికొచ్చేది 27,436 నుంచి 32,136కి వచ్చింది. అసలు పెరిగింది 4,700. కొన్ని కంపెనీలు 15,000 బేసిక్ వరకే పీఎఫ్ కోస్తాయి, అలాంటి చోట ఈ అంకె కొంచెం మారుతుంది. మీ స్లిప్పులో ఏముందో అదే తీసుకోండి.

ఇప్పుడు కాగితం. జీతం పడే ముందు రోజు మిగిలింది, పెరగక ముందు ఆరు నెలల సగటు 2,110. పెరిగాక ఆరు నెలల సగటు 2,060. అంటే నెలకి 4,700 చొప్పున ఆరు నెలలు వచ్చింది, ఒక్క రూపాయి నిలవలేదు. వాడు జూదం ఆడలేదు, ఎవరికీ అప్పివ్వలేదు, పెద్దగా ఏమీ కొనలేదు కూడా. అదే విచిత్రం. నెల చివర్లో ఇబ్బంది ఎప్పుడూ ఉన్నంతే ఉంటుంది కాబట్టి, కొత్తగా ఏదో జరుగుతోందని మనసుకి తట్టదు.

స్టేట్‌మెంట్ పట్టుకుని కూర్చుంటే ఇలా తేలింది. మేలో కిస్తుల మీద ఫోన్ తీసుకున్నాడు, నెలకి 1,583 చొప్పున పన్నెండు కిస్తులు, జూన్ నుంచి. నెట్ ప్లాన్ పెద్దది వేయించుకున్నాడు, 350 ఎక్కువ. అమ్మకి నెలనెలా వెయ్యి పంపడం మొదలుపెట్టాడు. ఇవి మూడూ కలిపి 2,933. మిగతా 1,767 మాత్రం ఒక చోట లేదు. విశాఖ వెళ్ళేటప్పుడు స్లీపర్ మానేసి ఏసీ టికెట్, ఆదివారం బిర్యానీ, స్నేహితుల బిల్లు తనే కట్టడం, ఇలా ముక్కలు ముక్కలుగా ఉంది.

ఇక్కడ ఒక మాట. అక్కకి పంపే వెయ్యిని నేను కారే డబ్బు కింద రాయనివ్వలేదు. అది వాడు ఆలోచించి తీసుకున్న నిర్ణయం. ఏసీ టికెట్ కూడా తప్పు కాదు. ఏది ఎంచుకున్నాడో, ఏది వాడికి తెలియకుండానే అలవాటయిందో, ఆ తేడాయే చూడాలి. ఇంకో తేడా కూడా ఉంది. బిర్యానీ వచ్చే వారం మానేయొచ్చు. కిస్తు మానేయడానికి లేదు. జీతం పెరిగిన మొదటి రెండు నెలల్లోనే కొత్త కిస్తు ఒప్పుకున్నామంటే, పెరుగుదలలో అంత భాగం ఏడాది పాటు తాకట్టులో ఉన్నట్టే.

ఇప్పుడు అసలు పాఠం. పెరిగిన మొదటి జీతం పడకముందే అందులో ఒక భాగం దానంతటదే పక్కకి వెళ్ళే ఏర్పాటు చేసుకోవాలి. ఎంత? నా పద్ధతి, చేతికి పెరిగిన దాంట్లో సగానికి తగ్గకుండా, మూడింట రెండు వంతులు దాటకుండా. మొత్తం కట్టేయమని నేను చెప్పను. అలా చేసినవాళ్ళు ఆర్‌డీ, అంటే నెలనెలా ఒకే మొత్తం కట్టే బ్యాంకు డిపాజిట్, మూడో నెలలో విరగ్గొట్టడం చాలాసార్లు చూశాను. మేనల్లుడు ఏప్రిల్‌లో వచ్చి ఉంటే 2,700 పక్కకి, వెయ్యి అమ్మకి, వెయ్యి వాడి సరదాకి అని రాయించేవాణ్ణి. వాడు నవంబరులో వచ్చాడు. ఫోన్ కిస్తు అప్పటికే నడుస్తోంది. కాబట్టి ముక్కలుగా పోతున్న 1,767లోంచి 1,000 మాత్రమే తీశాం. ఆ వెయ్యికి జీతం పడే బ్యాంకులోనే ఆర్‌డీ తెరిపించాను.

ఆర్‌డీయే ఎందుకు అంటే, మొదలుపెట్టడం తేలిక, రోజూ కళ్ళ ముందు కనిపించదు, పోయే ప్రమాదం లేదు. వడ్డీ కోసం మాత్రం కాదు. ఆరున్నర శాతం చొప్పున నెలకి వెయ్యి కడితే ఏడాదికి 12,000 మీద వచ్చేది నాలుగు వందల చిల్లర. వాడు అది విని మొహం చిన్నబుచ్చుకున్నాడు. కానీ వాడి చేతిలో ఆరు నెలలుగా మిగిలింది సున్నా కదా, దానితో పోల్చి చూసుకోమన్నాను.

ఖాతాలోంచి ఆర్‌డీకి డబ్బు కోసే తేదీ దగ్గర జాగ్రత్తగా ఉండాలి. గత ఆరు నెలల్లో జీతం ఏయే రోజుల్లో పడిందో స్టేట్‌మెంట్‌లో చూడండి. వాడికి నాలుగుసార్లు ఒకటో తారీఖు లోపే పడింది, ఒకసారి 2న, ఒకసారి 4న. ఆలస్యంగా పడిన రోజు చూసి, దాని మర్నాడు పెట్టాలి. అంటే 5. జీతం పడే రోజునే పెట్టుకుంటే ఏమవుతుందంటే, చాలా బ్యాంకుల్లో ఈ కోతలు తెల్లవారుజామునే నడుస్తాయి, జీతం మధ్యాహ్నం పడుతుంది. పొద్దున ఖాతాలో 2,060 ఉంటే వెయ్యికి సరిపోతుంది గానీ, 2,700కి సరిపోదు. అలాగని పదిహేనో తారీఖు దాకా సాగదీయకండి. వాడి స్టేట్‌మెంట్‌లో ప్రతినెలా ఎక్కువ ఖర్చు జీతం పడ్డాక వచ్చే మొదటి ఆదివారమే ఉంది.

డబ్బు లేక కోత తప్పితే ఎంత నష్టం అన్నది ఏర్పాటుని బట్టి ఉంటుంది. అదే బ్యాంకు ఆర్‌డీ అయితే ఆలస్యానికి కొంచెం జరిమానా. మ్యూచువల్ ఫండ్ సిప్ అయితే ఫండ్ వాళ్ళు జరిమానా వేయరు, కానీ మ్యాండేట్, అంటే నెలనెలా కోసుకోమని మీరు ముందే ఇచ్చిన అనుమతి, డబ్బు లేక తిరిగి వచ్చినందుకు మీ బ్యాంకు వేస్తుంది. కొన్ని వందలు, దాని మీద జీఎస్టీ. పాస్‌బుక్‌లో NACH అన్న పేరుతో కనిపించేవి ఇలా మ్యాండేట్ మీద నడిచే కోతలే. 2021 ఆగస్టు నుంచి NACH ఆదివారాలూ సెలవు రోజుల్లోనూ నడుస్తోంది, కాబట్టి "రేపు సెలవు, ఎల్లుండి వేద్దాం" అనుకుంటే కుదరదు.

సరే, జూన్‌లో ఏమవుతుంది? ఫోన్ చివరి కిస్తు మేతో అయిపోతుంది. అప్పుడు ఎవరూ చెప్పకుండా 1,583 చేతిలో మిగులుతుంది. ఇది కూడా ఒక ఇంక్రిమెంటే, ఆర్డరు కాగితం రాదంతే. దీన్నీ అలాగే వదిలేస్తే జూలైకి ఇది కూడా బిర్యానీలో కలుస్తుంది. మామూలు ఆర్‌డీలో నెలవారీ మొత్తం మధ్యలో పెంచడానికి వీల్లేదు. అందుకని జూన్ 5 నుంచి 1,600కి రెండో ఆర్‌డీ తెరవాలని వాడి ఫోన్‌లో మే 20కి గుర్తు పెట్టించాను. కొత్త ఫోన్ మీదే పాత తప్పుకి మందు రాసినట్టయింది, వాడు నవ్వాడు. రెండూ కలిపితే 2,600. ఏప్రిల్‌లో వేయాల్సిన 2,700కి దగ్గరగా వచ్చాం, పద్నాలుగు నెలలు ఆలస్యంగా.

ఏర్పాటు పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది? ఆర్‌డీలో డబ్బు పెరుగుతోందని సంబరపడకండి, అది ఎలాగూ పెరుగుతుంది. క్రెడిట్ కార్డు బాకీ చూడండి. నాకు తెలిసిన ఒకాయన నెలకి 4,000 పక్కకి పెట్టాడు. ఏడాది తిరిగేసరికి 48,000 జమయింది, కార్డు మీద 51,000 బాకీ ఉంది. చేతిలో తగ్గిన డబ్బుకి బదులు కార్డు గీశాడు. ఆర్‌డీకి ఏడాదికి ఆరూ ఏడూ శాతం వస్తుంటే, కార్డు బాకీకి నెలకే మూడు శాతం పైన పడుతుంది. కాబట్టి మూడు నెలలకి ఒకసారి రెండు అంకెలు పక్కపక్కన రాయండి. దాచింది ఒకటి, కార్డు, కిస్తులు, "తర్వాత కట్టండి" యాప్‌లు అన్నీ కలిపిన బాకీ ఇంకొకటి. బాకీ కూడా పెరుగుతుంటే, పక్కకి పెట్టే మొత్తం ఎక్కువైందన్నమాట. తగ్గించుకోండి, సిగ్గేమీ లేదు.

ఇంకో దారి ఉంది, వీపీఎఫ్. కంపెనీకి రాసిస్తే, 12 శాతం కాక ఇంకొన్ని శాతం కూడా జీతంలోనే కోసి పీఎఫ్‌లో వేస్తారు. దీని అందం ఏమిటంటే, ఇది శాతం లెక్కన ఉంటుంది కాబట్టి బేసిక్ పెరిగిన ప్రతిసారీ మీరు వేలు కదపకుండానే పొదుపూ పెరుగుతుంది. ఖాతాలోకి రాని డబ్బు ఖర్చు చేయాలనీ అనిపించదు. చిక్కు కూడా అక్కడే ఉంది, అవసరానికి ఆర్‌డీలా వెంటనే విరగ్గొట్టలేం. మేనల్లుడి దగ్గర ఆస్పత్రి ఖర్చుకి కూడా దాచింది లేదు. అందుకే వాడికి ఇప్పుడే వద్దన్నాను. మూడు నెలల ఖర్చు ఆర్‌డీలో చేరాక చూద్దాం. చాలా కంపెనీలు దీన్ని ఏప్రిల్‌లోనే మార్చుకోనిస్తాయి, మీ ఆఫీసులో ఎప్పుడో ముందే అడిగి పెట్టుకోండి.

వచ్చే పాఠానికి పని: పెరగక ముందు, పెరిగాక వచ్చిన పే స్లిప్పులు పక్కపక్కన పెట్టి చేతికి పెరిగింది ఎంతో రాయండి. దాని కింద, అప్పటి నుంచి ఒప్పుకున్న కొత్త కిస్తులు, కొత్త చందాలు, ఒక్కొక్కటీ ఏ నెలతో ముగుస్తుందో రాయండి. ముగింపు తేదీ లేనివాటి చుట్టూ సున్నా చుట్టండి. వాటి సంగతి, దసరా బోనస్ సంగతి నాలుగో పాఠంలో.